వద్దన్న మాట బొమ్మకు ఎంతవరకు వినబడుతుంది?

నెగటివ్ ప్రాంప్ట్ అంటే, మాటలు చదివి బొమ్మ గీసే యంత్రానికి ఏమేం వద్దో రాసిచ్చే జాబితా. కావలసినవి ఒక పెట్టెలో, అక్కర్లేనివి దాని కింది పెట్టెలో రాస్తారు. 2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. కొద్ది నెలలు తిరగకముందే ఈ రెండో పెట్టె దాన్ని వాడేవాళ్లందరికీ అలవాటైపోయింది. ఆరు వేళ్ల చేతులు, మసకబారిన వెనకభాగం, ఎవరిదో తెలియని వాటర్‌మార్క్, ఏ భాషకూ చెందని అక్షరాలు అప్పట్లో ప్రతి బొమ్మలోనూ వేధించేవి. ఈ నాలుగింటినీ ఒకే పెట్టెలో, ఒకే వరసలో రాసి వదిలించుకోవాలని చూసేవారు. అయితే పెట్టె ఒకటే అయినా నాలుగు తప్పులూ ఒక జాతివి కావు. కొన్ని మాట వింటాయి, కొన్ని సగమే వింటాయి, ఒకటైతే వినకపోగా తప్పించుకుపోతుంది. ఈ తేడా ఎక్కడిదో తెలియాలంటే రెండో పెట్టెలోని మాటలు లోపల ఏం చేస్తాయో ముందు చూడాలి.

డిఫ్యూజన్ యంత్రం బొమ్మను గీతలతో మొదలుపెట్టదు. పాత టీవీలో ప్రసారం ఆగిపోయినప్పుడు తెర నిండా కనిపించే చుక్కల్లాంటి నాయిజ్‌తో మొదలుపెట్టి, ఇరవై ముప్ఫై అంచెల్లో ఆ నాయిజ్‌ను కొంచెం కొంచెంగా తీసేస్తూ పోతుంది. ఈ చుక్కల్లో ఏది నాయిజ్, ఏది బొమ్మ అని ప్రతి అంచెలోనూ ఒక అంచనా వేస్తుంది. వాడుకరి రాసిన వాక్యం ఈ అంచనాను ఒక వైపుకు మళ్లిస్తుంది. కానీ వాక్యం ఇచ్చినంత మాత్రాన బొమ్మ దానికి గట్టిగా కట్టుబడదు. అందుకే గూగుల్ పరిశోధకులు జొనాథన్ హో, టిమ్ సాలిమన్స్ ఒక ఉపాయం చెప్పారు. ప్రతి అంచెలోనూ అంచనా రెండుసార్లు వేయాలి: ఒకసారి వాక్యంతో, ఇంకోసారి ఏ వాక్యమూ లేకుండా. రెంటికీ మధ్య ఉన్న తేడాయే ఆ వాక్యం తెచ్చిన మార్పు. ఆ తేడాను ఏడెనిమిది రెట్లు పెంచి కలిపితే బొమ్మ వాక్యం వైపు బలంగా జరుగుతుంది.

రెండో అంచనాకు ఇచ్చేది ఖాళీ వాక్యం. ఆ ఖాళీలో వద్దనుకున్న మాటలు పెడితే అదే నెగటివ్ ప్రాంప్ట్. ఇందుకోసం యంత్రానికి కొత్తగా నేర్పాల్సిందేమీ ఉండదు, లెక్క కూడా మారదు.

```
ఫలితం = వద్దు + బలం × (కావాలి − వద్దు)
```

ఇక్కడ బలం అన్నది తెర మీద `CFG Scale` అనే పేరుతో కనిపించే అంకె. సాధారణంగా 7 దగ్గర ఉంచుతారు.

ఒక ఊహా లెక్క చూస్తే ఇది తేలిగ్గా బోధపడుతుంది. ఒక బొమ్మలో వాటర్‌మార్క్ వచ్చే మొగ్గును అంకెలతో కొలవగలమనుకుందాం. ఖాళీ వాక్యానికి అది 5, రాసిన వాక్యానికి 6. నెగటివ్ ప్రాంప్ట్ లేకపోతే ఫలితం 5 + 7 × (6 − 5), అంటే 12. వాక్యంలో ఒక్క పాలే ఎక్కువున్న మొగ్గు కాస్తా ఆరు నుంచి రెట్టింపయి కూర్చుంది. ఇప్పుడు రెండో పెట్టెలో `watermark` అని రాస్తే, ఆ మాటతో వేసిన అంచనాలో మొగ్గు 9 అయిందనుకుంటే, ఫలితం 9 + 7 × (6 − 9), అంటే −12. బొమ్మ వాటర్‌మార్క్‌కు ఎదురు దిక్కుగా పోతుంది. అంటే రెండో పెట్టె ఉన్నదాన్ని చెరిపే రబ్బరు కాదు. ప్రతి అంచెలోనూ బొమ్మను ఒక దిక్కునుంచి దూరంగా నెట్టే చెయ్యి. పైగా ఆ నెట్టుడు ఉండాలంటే, వద్దన్న మాటకు, కావాలన్న వాక్యానికి యంత్రం వేసే అంచనాల్లో తేడా ఉండాలి. రెండూ ఒకేలా వస్తే బ్రాకెట్‌లో మిగిలేది సున్నా.

ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందన్న దగ్గరే అసలు కథ ఉంది. యంత్రానికి తెలిసిన మాటలన్నీ అది నేర్చుకున్న బొమ్మల పక్కన ఉన్న మాటలే. స్టేబుల్ డిఫ్యూజన్ తొలి రూపాలు లయాన్ సంస్థ సమకూర్చిన సంకలనంలోంచి ఏరిన భాగాలతో తయారయ్యాయి. లయాన్-5బి అనే ఆ సంకలనంలో వెబ్ నుంచి తీసిన దాదాపు 585 కోట్ల బొమ్మ–వాక్యం జతలు ఉన్నాయి. ఆ వాక్యాలు యంత్రానికి పాఠం చెప్పడానికి ఎవరో కూర్చుని రాసినవి కావు, వెబ్ పుటల్లో బొమ్మలకు తగిలించి ఉన్న వివరణలు. ఏ మాట ఏ రకం బొమ్మల పక్కన ఎక్కువగా పడిందో, ఆ మాటకు యంత్రం దృష్టిలో అదే అర్థం.

దీన్ని ఒక బొమ్మ మీద పరీక్షించి చూడవచ్చు. పూల కొట్టు ముందు కూర్చుని మల్లెపూల మాల కడుతున్న ఒక పెద్దావిడ, వెనక సందడిగా ఉన్న బజారు, నిలువు బొమ్మ. నాలుగు తప్పులూ ఒకేచోట దొరకడానికి ఇంతకంటే మంచి దృశ్యం ఉండదు. మాల కట్టాలంటే రెండు చేతుల వేళ్లూ దారం చుట్టూ మెలి తిరగాలి. బజారులో బోర్డులు ఉంటాయి. మనిషి దగ్గరగా ఉంటే వెనకభాగం మసకబారుతుంది.

```
photo of an elderly woman stringing jasmine flowers,
seated at a flower stall, street market behind her, daylight
```

వాక్యం ఇంగ్లీషులోనే ఎందుకంటే, తొలి రూపాల్లో మాటలు చదివే భాగం నేర్చుకున్నది దాదాపు ఇంగ్లీషే. తెలుగు లిపిలో రాస్తే అది ప్రతి అక్షరాన్నీ అర్థంలేని ముక్కలుగా విరగ్గొడుతుంది. ఒకసారికి అది చదవగలిగేది 75 ముక్కలే కాబట్టి, ఒక మామూలు తెలుగు వాక్యంతోనే ఆ జాగా నిండిపోతుంది, చదివిందేమీ ఉండదు.

వాటర్‌మార్క్‌తో మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే నాలుగింటిలో మాట బాగా వినేది అదే. వెబ్‌లో బజారు దృశ్యాలు, పూలమ్మేవారి ఫొటోలు చాలావరకు ఫొటోలు అమ్మే ఏజెన్సీలవి. కొననివారికి చూపే ప్రతుల మీద అవి తమ పేరును అడ్డంగా అచ్చువేస్తాయి. యంత్రానికి అది పేరని తెలియదు. ఇలాంటి ఫొటోల్లో ఆ చోట ఒక లేత బూడిదరంగు పట్టీ ఉంటుందని మాత్రం నేర్చుకుంది, అందుకే పెద్దావిడ చీర మీదా ఆ పట్టీని గీస్తుంది. 2023లో గెట్టీ ఇమేజెస్ స్టెబిలిటీ ఏఐ మీద దావా వేసినప్పుడు, యంత్రం గీసిన బొమ్మల్లో తమ వాటర్‌మార్క్‌ను పోలిన గుర్తు కనిపించడాన్ని కూడా చూపింది. ఇలా డేటాలోంచి వచ్చిన తప్పుకు డేటాలోనే ఒక పేరు కూడా ఉంటుంది కాబట్టి `watermark` అన్న మాటకు నెట్టే బలం ఉంది. ఒక్క మాట చాలకపోతే `(watermark:1.3)` అని రాసి బరువు పెంచవచ్చు. ఆటోమేటిక్1111 అనే పేరున్న తెరలో బ్రాకెట్, అంకె కలిసి ఆ మాట బరువును 1.3 రెట్లు చేస్తాయి. అంతకంటే ముందు మొదటి పెట్టెను ఒకసారి చూసుకోవడం మంచిది. నాణ్యత కోసమని అందులో `stock photo` అని రాసి ఉంటే, ఒక చేత్తో పిలుస్తూ ఇంకో చేత్తో తోసేస్తున్నట్టే.

ఇక్కడే ఒక పాత పొరపాటు కూడా చెప్పుకోవాలి. కొందరు మొదటి పెట్టెలోనే `no watermark` అని రాస్తారు. మాటలు చదివే భాగానికి వాక్యంలో ఏ వస్తువులున్నాయన్నది తెలుస్తుంది గాని, `no` అన్న చిన్నమాట పక్కనున్నదాన్ని రద్దు చేస్తుందని సరిగా తెలియదు. వివరణల్లో లేనిదాని గురించి రాసేవారు అరుదు కదా. ఫలితంగా వాటర్‌మార్క్ అన్న మాట వాక్యంలో చేరి, పట్టీ ఇంకా స్పష్టంగా వస్తుంది. అదే `no watermark` ను రెండో పెట్టెలో రాస్తే మాత్రం పని జరుగుతుంది. వ్యాకరణం ప్రకారం వాటర్‌మార్క్ లేకపోవడం వద్దన్నట్టే గాని, యంత్రం వ్యాకరణం దాకా పోదు.

అక్కర్లేని అక్షరాలదీ దాదాపు ఇదే కథ. `text, letters, caption, logo` అన్న మాటలు యంత్రానికి బాగా తెలిసినవే. మూలన గిలికినట్టు వచ్చే సంతకం ఫొటోల్లో కంటే పెయింటింగ్‌లాంటి బొమ్మల్లో ఎక్కువ, చిత్రకారుల సంతకాలు ఉండే చోటు అదే కాబట్టి. దానికి `signature` అన్న మాట పనికొస్తుంది. చిక్కల్లా బజారు బోర్డులతోనే. తొలి రూపాలు అక్షరాల ఆకారాన్ని అనుకరించగలవు గాని ఏ అక్షరం తర్వాత ఏది రావాలో వాటికి తెలియదు. తెలుగు బోర్డు కావాలని అడిగితే గుండ్రటి సున్నలు, తలకట్టుల్లాంటి గీతలు కలిసిన వింత లిపి వస్తుంది. దూరంనుంచి మన అక్షరాల్లాగే ఉంటుంది, దగ్గరికెళ్తే చదవలేం. రెండో పెట్టెలో `text` రాస్తే ఈ గిలుకుడు తగ్గుతుంది. కానీ బోర్డులు కూడా తగ్గుతాయి, దుకాణాల ముఖాలు ఖాళీ గోడల్లా మారతాయి. బజారు అన్నది బోర్డులతో ముడిపడిన దృశ్యం కాబట్టి, అక్షరాలకు దూరంగా నెట్టినప్పుడు బొమ్మ కొంత బజారుకూ దూరమవుతుంది. చదవదగ్గ బోర్డే కావాలంటే ఖాళీ బోర్డు వచ్చేలా చేసి, తర్వాత ఫొటో ఎడిటర్‌లో తెలుగు ఫాంట్‌తో రాసుకోవడమే సులువు.

వెనకభాగం మసక అనేది మరో రకం తప్పు. అసలు దాన్ని తప్పనడం కూడా సబబు కాదేమో. ఫొటోగ్రాఫర్లు మనుషుల్ని తీసేటప్పుడు కావాలనే లెన్సు రంధ్రాన్ని పెద్దగా తెరిచి వెనకభాగాన్ని కరిగిస్తారు. అలాంటి లక్షల ఫొటోలు చూసిన యంత్రం మనిషి ముఖం అనగానే వెనక మసక అని స్థిరపడిపోయింది. ఈ మసకకు డేటాలో పేర్లు చాలానే ఉన్నాయి: `bokeh, depth of field, blurry background`. ఈ మూడూ రెండో పెట్టెలో పెడితే పూల బుట్టలు, వెనక నడిచేవారు, సైకిళ్లు తేరుకుని కనిపించడం మొదలవుతుంది. ఉత్త `blurry` మాత్రం రాయకపోవడం మేలు. అది వెనకభాగాన్ని ఒక్కదాన్నే ఎంచుకోదు. పెద్దావిడ చెంపల మీది ముడతలు కత్తితో గీసినట్టు అవుతాయి, వెంట్రుకలు తీగల్లా గట్టిపడతాయి.

ఇందులో కూడా మొదటి పెట్టె పాత్ర పెద్దది. `portrait`, `85mm`, `f/1.8` లాంటి మాటలు ఒక్కొక్కటీ మసకను వెంటబెట్టుకు వచ్చేవే. వాటిని తీసేసి `wide angle, street market in sharp detail` అని రాస్తే, రెండో పెట్టెలో రాసిన దానికంటే ఎక్కువ పని జరుగుతుంది. దీనికి కారణం అంచెల్లో ఉంది. బొమ్మ మొత్తం అమరిక, అంటే మనిషి ఎక్కడ, నేల ఎక్కడ, వెనక ఏముంది అన్నది మొదటి కొద్ది అంచెల్లోనే కుదిరిపోతుంది. వద్దన్న వస్తువు నాయిజ్‌లోంచి కొంత ఆకారం దాల్చేదాకా దాన్ని నెట్టడానికి నెగటివ్ ప్రాంప్ట్‌కు సరైన పట్టు దొరకదు. అప్పటికి వెనక ఒక మెత్తని రంగుల ముద్ద కుదిరి ఉంటే, దానికి పదును పెట్టగలదు గాని, అందులో లేని దుకాణాల వరసను పుట్టించలేదు.

ఇక వేళ్లు. జాబితాల్లో అన్నిటికంటే ముందు కనిపించే మాటలు `extra fingers, bad hands` లాంటివే, అన్నిటికంటే తక్కువ పనిచేసేవీ అవే. ఆరు వేళ్లు డేటాలోంచి వచ్చిన తప్పు కాదు. ఆరు వేళ్లున్న చేతుల ఫొటోలు, వాటి పక్కన ఆ సంగతి చెప్పే వివరణలు వెబ్‌లో దాదాపు లేవు. కాబట్టి `extra fingers` అన్న మాటకు యంత్రం దగ్గర సరైన చిత్రం లేదు. `fingers` అంటే ఏమిటో తెలుసు, `extra` అంటే ఏదో ఎక్కువన్న అస్పష్టమైన భావం తెలుసు. ఇందాకటి లెక్కలో చెప్పాలంటే, తప్పు చేతికి వేసే అంచనా, మంచి చేతికి వేసే అంచనా ఇంచుమించు ఒకటే. బ్రాకెట్‌లో మిగిలేది అతి స్వల్పం.

మిగిలేదేదైనా ఉంటే అది చేతికి సంబంధించినదే, అందుకే ఇంకో వింత జరుగుతుంది. వేళ్ల గురించిన మాటలకు బరువు పెంచుతూ పోతే బొమ్మ చేతులకే దూరం జరుగుతుంది. పెద్దావిడ చేతులు కొంగు చాటుకో, పూల కుప్ప కిందికో పోతాయి. చేతులు కనబడకపోతే తప్పు వేళ్లూ కనబడవు. మాట పనిచేసిందని వాడుకరి సంతోషిస్తాడు గాని, మాల కట్టే మనిషి మాత్రం మాల కట్టడం మానేసింది.

మరి ఈ మాటలు అంత పేరు ఎలా తెచ్చుకున్నాయి? 2022 అక్టోబరులో నావెల్ఏఐ సంస్థ జపాన్ యానిమే తరహా బొమ్మలు గీసే తన యంత్రాన్ని విడుదల చేసింది. అది నేర్చుకున్న బొమ్మలకు వాక్యాలకు బదులు అభిమానులు చేత్తో తగిలించిన ట్యాగులు ఉండేవి. ఆ ట్యాగుల్లో `bad hands`, `extra digits`, `fewer digits` అనేవి నిజంగానే ఉన్నాయి. చేతులు సరిగా కుదరని బొమ్మలకు అక్కడివారు ఆ గుర్తులు పెట్టేవారు. ఆ యంత్రానికి ఆ మాటల అర్థం తెలుసు, కాబట్టి దాని నెగటివ్ జాబితాలో అవి ఉండటం న్యాయమే. జాబితా అక్కడినుంచి చేతులు మారుతూ ఫొటోలు గీసే యంత్రాల్లోకి వచ్చింది, మాటలతో పాటు అర్థం మాత్రం రాలేదు. ఈ లోటు పూడ్చడానికే కొందరు తప్పుచేతుల బొమ్మలనే చూపించి, ఆ రూపానికి ఒక కొత్త మాటను నేర్పిన చిన్న ఫైళ్లు తయారుచేశారు. వాటి పేరు రెండో పెట్టెలో రాస్తే ఉత్త మాటల కంటే మెరుగ్గానే పనిచేస్తాయి. అయితే ఏ యంత్రం మీద తయారైతే దాని మీదే.

వేళ్లు తప్పడానికి అసలు కారణాల్లో ఒకటి జాగా. యంత్రం పిక్సెళ్ల మీద నేరుగా పనిచేయదు. 8 × 8 పిక్సెళ్లను ఒక గడిగా కుదించి ఆ గడుల మీద పనిచేస్తుంది. 512 × 768 పిక్సెళ్ల బొమ్మలో పెద్దావిడ అరచేయి 64 పిక్సెళ్ల వెడల్పుంటే, దానికి దక్కేది అడ్డంగా 8 గడులు. అందులోనే అయిదు వేళ్లు, మధ్య సందులు, దారం, మల్లెమొగ్గలు అన్నీ ఇమడాలి. వేలికి గడిన్నర వస్తే ఎక్కువ. ఆ ఇరుకులో ఒక వేలు ఎక్కడ ముగిసి పక్కది ఎక్కడ మొదలైందో నిలబెట్టడం కష్టం.

దీనికి మందు మాటల్లో లేదు. బొమ్మ పూర్తయ్యాక చేతిని ఒక్కదాన్నే మళ్లీ గీయించాలి, దీన్ని ఇన్‌పెయింటింగ్ అంటారు. చేతి మీద బ్రష్‌తో ముసుగు వేసి, `Only masked` అన్న ఎంపిక పెట్టి, చుట్టూ 32 పిక్సెళ్ల అంచు వదిలితే, 128 పిక్సెళ్ల ముక్కను యంత్రం 512కు పెంచి గీసి, మళ్లీ కుదించి అతికిస్తుంది. ఇప్పుడు అదే అరచేతికి 8 గడుల చోట 32 గడులు దక్కుతాయి. `Denoising strength` 0.5 దగ్గర ఉంచి, మొదటి పెట్టెలో బజారు సంగతి తీసేసి మాల కడుతున్న చేతుల గురించి మాత్రమే రాయాలి. అంకె 0.3కు తగ్గితే ఆరో వేలు అలాగే ఉండి కాస్త నునుపు తేలుతుంది, 0.8 దాటితే మణికట్టుకు అతకని చెయ్యి వస్తుంది. నాలుగైదు సార్లు గీయించి ఒకటి ఎంచుకోవడం మామూలే.

నెగటివ్ మాట పనిచేసిందా, అదృష్టం పనిచేసిందా అన్నది తేల్చడానికి `Seed` అనే అంకె ఉంది. మొదటి నాయిజ్ ఏ చుక్కలతో ఉండాలో అది నిర్ణయిస్తుంది. సీడ్ మారితే బొమ్మే మారిపోతుంది కాబట్టి, సీడ్ అలాగే ఉంచి ఒక్క మాట చేర్చి గీయించాలి. ఒక సీడ్‌తో తృప్తిపడకుండా ఎనిమిది సీడ్‌లకు ఆ మాటతో, ఆ మాట లేకుండా గీయించి పక్కపక్కన పెడితే సంగతి తెలుస్తుంది. పెద్దావిడ బొమ్మ మీద ఇలా ఒక్కొక్క మాటనే నిలబెట్టి చూసుకుంటూ పోతే చివరికి మిగిలే జాబితా ఇలా పొట్టిగా ఉంటుంది:

```
watermark, text, logo, bokeh, depth of field, blurry background
```

వేళ్ల మాటలు ఇందులో లేవు, వాటి పని ఇన్‌పెయింటింగ్‌కు పోయింది. వెబ్‌లో దొరికే అరవై డెబ్భై మాటల జాబితాల కంటే ఇది మెరుగు. జాబితా పొడుగయ్యే కొద్దీ ఒక్కో మాట వాటా పలచబడుతుంది. దానికి తోడు ప్రతి మాటా బొమ్మను ఏదో ఒక పక్కకు లాగుతుంది. ఆ లాగుళ్లన్నీ కలిసి అందరి బొమ్మలకూ ఒకే నున్నటి ముఖం, ఒకే వెలుగు తెచ్చిపెడతాయి. లోటు పూడ్చాలని బలం అంకెను 7 నుంచి 15కు పెంచితే రంగులు మండిపోయి, నీడలు నల్లగా గట్టిపడతాయి.

కొన్ని యంత్రాల్లో ఈ పెట్టె ఉన్నా పనిచేయదు. పైనున్న లెక్కలో బలం దగ్గర 1 వేస్తే, వద్దు + కావాలి − వద్దు అవుతుంది. వద్దన్నది తనను తానే కొట్టేసుకుని కావాలన్నది మాత్రమే మిగులుతుంది. 2023 నవంబరులో వచ్చిన ఎస్‌డీఎక్స్ఎల్ టర్బో లాంటి వేగవంతమైన యంత్రాలు ఒకటి నుంచి నాలుగు అంచెల్లో బొమ్మ ముగిస్తాయి. రెండుసార్లు అంచనా వేయడమే వాటిలో మానేశారు కాబట్టి రెండో పెట్టెకు పని లేదు. 2024లో వచ్చిన ఫ్లక్స్.1 డెవ్ కూడా బలాన్ని లోపలే ఇముడ్చుకున్నది. దానితో నెగటివ్ ప్రాంప్ట్ వాడాలంటే రెండో అంచనాను విడిగా వేయించాలి, సమయం దాదాపు రెట్టింపవుతుంది. మిడ్‌జర్నీలో రెండో పెట్టె లేదు, వాక్యం చివర `--no text` అని చేరుస్తారు.

చేతిలో ఉన్న యంత్రం ఏ రకమో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష చాలు. సీడ్ మార్చకుండా, రెండో పెట్టెలో `woman, flowers` అని రాసి పెద్దావిడ బొమ్మను మళ్లీ గీయించాలి. కొట్టు మారినా, మనిషి మాయమైనా, బొమ్మ చెడిపోయినా పెట్టె పనిచేస్తున్నట్టే. పిక్సెల్ పొల్లుపోకుండా అదే బొమ్మ వస్తే ఆ పెట్టెలో రాసింది యంత్రం దాకా చేరడం లేదు.